దసరా లేఖలోనే బోనస్ మాట రాయాలా, విడిగా చెప్పాలా: ఏది మేలు?

కర్మాగారాల్లో మహర్నవమినాడు యంత్రాలు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టిన తరువాత యజమాని చేతి మీదుగా కార్మికులకు ఒక మిఠాయి పొట్లం, దానితోపాటు ఒక శుభాకాంక్షల లేఖ అందడం చాలాచోట్ల ఉన్న ఆనవాయితీ. బాలానగర్‌లో యంత్ర విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కర్మాగారంలో నేను సిబ్బంది వ్యవహారాలు చూసిన కాలంలో ఈ లేఖ ముసాయిదా రాసే పని నాకు పడేది. ఏటా యజమాని ముందు రెండు ప్రతులు పెట్టేవాడిని. ఒకదానిలో శుభాకాంక్షలతోపాటు బోనస్ ప్రకటన కూడా ఉండేది. రెండవ దానిలో శుభాకాంక్షలు మాత్రమే ఉండేవి. బోనస్ వివరం వేరొక చీటీ మీద ఉండేది. చూడడానికి ఇది కాగితాల సంఖ్యకు సంబంధించిన తేడాలాగే కనబడుతుంది గాని, ఆచరణలో రెండింటి ఫలితాలు వేరు.

మొదటి ప్రతి ఇలా ఉండేది: “కార్మిక సోదర సోదరీమణులకు, వారి కుటుంబ సభ్యులకు విజయదశమి శుభాకాంక్షలు. సంస్థ అభివృద్ధికి మీరు అహర్నిశలు చేసిన కృషికి గుర్తింపుగా ఈ పండుగ సందర్భంలో ఒక నెల జీతాన్ని బోనస్‌గా అందించడానికి సంతోషిస్తున్నాము.” వినడానికి నిండుగా ఉంటుంది, ఒక్క కాగితంతో పని అయిపోతుంది, ఇంట్లోవాళ్లు కూడా చదువుకుని సంతోషిస్తారు. యజమానులకు సాధారణంగా నచ్చేది ఇదే.

చిక్కు “ఒక నెల జీతం” అన్న మాటతో మొదలవుతుంది. 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం కనీస బోనస్‌ను 8.33 శాతంగా, గరిష్ఠాన్ని 20 శాతంగా నిర్ణయించింది. దాని స్థానంలోకి వచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా ఆ రెండు శాతాలనూ నిలిపింది. ఏడాది వేతనంలో 8.33 శాతమంటే పన్నెండింట ఒక వంతు కాబట్టి, దానిని “నెల జీతం” అనడం కార్యాలయాల్లో అలవాటైపోయింది. అయితే చట్టం లెక్కలో వేతనమంటే ప్రధానంగా మూల వేతనమూ కరవు భత్యమూ మాత్రమే. ఇంటి అద్దె భత్యం, ఓవర్‌టైమ్ సొమ్ము అందులోకి రావు. కార్మికుడికి మాత్రం జీతమంటే నెలాఖరున చేతికి వచ్చేదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లేతు మీద పనిచేసే ఒకాయనకు నెలకు 16,000 రూపాయలు వస్తున్నాయనుకోండి. అందులో మూల వేతనం, కరవు భత్యం కలిపి 10,000, ఇతర భత్యాలు 4,000, ఓవర్‌టైమ్ 2,000. బోనస్ లెక్కకు పనికివచ్చే మొత్తం ఏడాదికి 1,20,000. దానిపై 8.33 శాతం 9,996 రూపాయలు. లేఖ చదివిన భార్యాభర్తలు మనసులో 16,000 వేసుకుని బట్టలకూ పిల్లవాడి ఫీజుకూ లెక్క కట్టుకుంటారు. బ్యాంకు ఖాతాలో పడేదానికీ దీనికీ 6,004 రూపాయల తేడా. ఇక లెక్క కట్టే సంవత్సరంలో అక్టోబరు 1న చేరినవాడికి మార్చి నెలాఖరు వరకు ఆరు నెలలే లెక్కకు వస్తాయి. వేతనం అంతే అయినా అతనికి వచ్చేది 4,998. ఆ లేఖలో అతనికీ ఒక నెల జీతమనే రాసి ఉంటుంది. యజమాని ఎవరినీ మోసం చేయలేదు, లెక్కలో పైసా తప్పూ లేదు. అయినా పండుగ మరునాడు కార్యాలయం గుమ్మం ముందు పదిమంది నిలబడతారు. ఒకే మాట అందరికీ రాసే లేఖలో ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా ఉండే మొత్తాన్ని ఇమిడ్చడం సాధ్యం కాదు.

రెండవ చిక్కు “గుర్తింపుగా అందించడానికి సంతోషిస్తున్నాము” అన్న ధోరణి. ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసిన అర్హుడైన కార్మికుడికి కనీస బోనస్ చట్టం ఇచ్చిన హక్కు. లెక్కల సంవత్సరం ముగిసిన 8 నెలల్లోగా, అంటే మార్చితో ముగిసే సంస్థల్లో నవంబరు 30 లోగా చెల్లించి తీరాలి. హక్కుగా వచ్చేదానిని దయగా ఇస్తున్నట్టు రాస్తే, చదువుకున్న కార్మికుడికి ఆ వాక్యం చివుక్కుమంటుంది. యూనియన్ నాయకుడైతే ఆ లేఖనే గేటు మీటింగులో చదివి వినిపిస్తాడు. దయ కాని దానిని దయ అనకపోవడం మర్యాద కూడాను.

దీనికి తలకిందులైన తప్పు మరొకటి ఉంది. పండుగకు 3,000 రూపాయలు ఇచ్చి, లేఖలో దానిని “దసరా కానుక” అని రాసి, తరువాత నవంబరులో బోనస్ నుంచి ఆ మొత్తాన్ని మినహాయించే యజమానులు ఉంటారు. 1965 చట్టంలోని 17వ సెక్షన్ “పూజా బోనస్” అన్న మాటను పేరుపెట్టి చెప్పింది. ఆ విధంగా గాని, ముందస్తుగా గాని ఇచ్చిన మొత్తాన్ని ఆ సంవత్సరపు బోనస్ నుంచి తగ్గించుకోవడానికి అనుమతి ఉంది. కాని కానుక అని మీరే సంతకం చేసి ఇచ్చిన కాగితం చేతిలో ఉండగా, అది బోనస్‌లో భాగమని ఎలా అంటారు? ముందస్తు బోనస్ అయితే ముందస్తు బోనస్ అనే రాయాలి, కానుక అయితే దాని జోలికి మళ్లీ పోకూడదు. శుభాకాంక్షల భాషలో ఈ తేడా నిలవదు. పండుగ మాటల వేడిలో అన్నీ కానుకలే అయిపోతాయి.

ఏళ్ల తరబడి అదే వాక్యాన్ని తిరగరాయడం వల్ల వచ్చే పరిణామం ఇంకొకటి. పూజా బోనస్ ఆనవాయితీగా ఎప్పుడు మారుతుందనే ప్రశ్నపై 1959లో గ్రాహమ్స్ ట్రేడింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు కొన్ని పరీక్షలు చెప్పింది: చెల్లింపు ఏ ఏడూ ఆగకుండా చాలాకాలం సాగి ఉండాలి, నష్టం వచ్చిన ఏడు కూడా ఇచ్చి ఉండాలి, ఒకే రేటున ఇచ్చి ఉండాలి. పాత దసరా లేఖలు వరుసగా పేర్చితే ఈ పరీక్షలకు జవాబులు వాటిలోనే దొరుకుతాయి. కార్మికుడి వైపు నుంచి చూస్తే ఇది మొదటి ప్రతికి ఉన్న గొప్ప బలమని ఒప్పుకోవాలి; ట్రంకుపెట్టెలో దాచిన ఆ కాగితం రేపు సాక్ష్యం అవుతుంది. యజమాని తెలిసి, మనస్ఫూర్తిగా ఆ బాధ్యత తలకెత్తుకుంటే అభ్యంతరం లేదు. తెలియక ఎత్తుకుని, ఆర్డర్లు తగ్గిన ఏడు ఆపేసి, ఇద్దరి నడుమా వైరం తెచ్చుకోవడమే మంచిది కాదు.

ఇక రెండవ ప్రతి. అందులో డబ్బు ప్రస్తావన ఉండదు కనుక, మిగిలిన మాటలకు పని పెరుగుతుంది. “అహర్నిశలు”, “అకుంఠిత దీక్ష” వంటి పదాలను డబ్బు వార్త మోసుకుపోతుంది గాని, అది లేనప్పుడు అవి వట్టిపోతాయి. మేము రాసిన ఒక ఏటి లేఖలో ఉన్నది ఇంతే: “మే నెలలో పెద్ద ప్రెస్ పాడై తొమ్మిది రోజులు ఆగినప్పుడు, మూడవ షిఫ్టు వారు చేతి ప్రెస్సుల మీద పని పూర్తిచేసి ఆర్డరు నిలబెట్టారు. ఆ రాత్రుళ్లు ఇంట్లో ఒంటరిగా పిల్లలను చూసుకున్న వారికి కూడా ఆ మేలు చెందుతుంది. మీ ఇంటిల్లిపాదికీ దసరా శుభాకాంక్షలు.” కుటుంబాలను ఉద్దేశించిన లేఖలో కుటుంబం చేసిన పని ఒక్కటైనా పేర్కొనకపోతే, “కుటుంబ సభ్యులకు” అన్న మాట చిరునామా వరకే మిగిలిపోతుంది. ఈ లేఖ రాయడానికి ఒక ఏడాది జ్ఞాపకం ఉండాలి, షాపు ఫ్లోర్‌కు వెళ్లి ఫోర్‌మన్‌ను అడగాలి. శ్రమ ఎక్కువే, నిజం.

బోనస్ చీటీ వేరు. దానిపై పేరు, టోకెన్ నంబరు, లెక్కకు తీసుకున్న వేతనం, పనిచేసిన నెలలు, శాతం, ముందస్తుగా ఇచ్చినదేమైనా ఉంటే అది, మిగిలినది, ఖాతాలో పడే తేదీ ఉంటాయి. పై ఉదాహరణలోని ఇద్దరూ తమ తమ చీటీ చూసుకుంటే 9,996 ఎందుకో, 4,998 ఎందుకో అక్కడే తెలుస్తుంది. గుమ్మం దగ్గర వరుస కట్టవలసిన పని ఉండదు. దసరా నాటికి ఆడిట్ పూర్తికాని సంస్థలో అసలు శాతమే తేలదు గనుక, చీటీపై “కనీస బోనస్ మేరకు ముందస్తు చెల్లింపు” అని రాసి, మిగిలినది నవంబరులో లెక్క తేలిన తరువాత అని చెప్పవచ్చు.

లేఖను ఇంటికి టపాలో పంపాలా, చేతికివ్వాలా అన్నదానికి కూడా ఈ విభజనే దారి చూపుతుంది. డబ్బు మాట లేని లేఖను నిశ్చింతగా ఇంటికి పంపవచ్చు. బోనస్ అంకె ఉన్న కాగితం మాత్రం కార్మికుడి చేతికే వెళ్లాలి. ఇంట్లో ఎంత చెప్పాలన్నది అతని ఇష్టం. భర్తకు వచ్చే బోనస్ భార్యకు తెలిస్తే అది చిట్టీలకూ చేబదుళ్లకూ పోకుండా ఉంటుందని కొందరు ఇల్లాళ్లే నాతో వాదించారు, వారి మాటలో సత్యం లేకపోలేదు. అయినా ఆ తగవులో యాజమాన్యం వేలు పెట్టరాదని నా అభిప్రాయం.

టపాలో పంపే ముందు చూసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఏటి సూతకంలో ఉన్న ఇళ్లలో సంవత్సరీకం ముగిసేవరకు పండుగ చేసుకోరు. తండ్రినో భార్యనో పోగొట్టుకుని ఆరు నెలలైనా గడవని కార్మికుడి ఇంటికి “ఆనందోత్సాహాలతో జరుపుకోవాలని” అచ్చువేసిన కార్డు చేరడం నేను ఒకసారి చూశాను. అతను ఏమీ అనలేదు. కార్డును తిరిగి తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అప్పటినుంచి చిరునామాల జాబితాను టైమ్ ఆఫీసులో నమోదైన సెలవులతో సరిచూసి, అటువంటి ఇళ్లకు శుభాకాంక్షల మాట లేకుండా నాలుగు వాక్యాల వేరే ఉత్తరాన్ని యజమాని తన చేత్తో రాసేలా ఏర్పాటు చేశాము. ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చినవారి ఊరి చిరునామాలకు ఒడియా, హిందీ ప్రతులు పంపాము. గుత్తేదారు కింద పనిచేసేవారికి బోనస్ చీటీ గుత్తేదారే ఇవ్వాలి గాని, శుభాకాంక్షల లేఖ మాత్రం మస్టరు పేజీ చూసి ఆపకూడదు. ఆయుధపూజలో వారూ అదే యంత్రం ముందు నిలబడ్డారు.

కనుక నేను మొగ్గేది రెండవ ప్రతి వైపే. మొదటిది నప్పే చోటు ఒకటుంది: ఐదారుగురు మాత్రమే ఉన్న షెడ్డులో, అందరికీ ఒకే మొత్తం ఇచ్చేటప్పుడు, “ఒక నెల జీతం” అని గాక రూపాయల అంకె వేసి రాస్తే ఒక్క కాగితం చాలు.