హైడ్రోమీటరు, లోడ్ టెస్టరు: కొన్ని వేసవుల వాడకం తరువాత నా అభిప్రాయం

కారు బ్యాటరీని మార్చాలా, ఇంకొంత కాలం నడపవచ్చా అన్నది తేల్చుకోవడానికి కావలిలో మా ఇంట్లో రెండు పరికరాలు ఉన్నాయి. ఒకటి రబ్బరు బుడ్డ, గాజు గొట్టం, అందులో తేలే ఫ్లోటు ఉన్న మామూలు హైడ్రోమీటరు. కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది. రెండవది చేత్తో పట్టుకొనే, 100 ఆంపియర్ల భారం వేసే లోడ్ టెస్టరు; దాని ధర అంతకంటే బాగా ఎక్కువ. రెండింటినీ కొన్నేళ్లుగా మా కారుకూ, బంధువుల కార్లకూ వాడుతున్నాను. మూతలు తీయగలిగే బ్యాటరీ అయితే మొదట కొనవలసినది హైడ్రోమీటరే. అయితే అది చెప్పలేని సంగతి ఒకటి ఉంది, దానికి మాత్రం లోడ్ టెస్టరు తప్పదు.

హైడ్రోమీటరు కొలిచేది యాసిడ్ చిక్కదనాన్ని, అంటే అది నీటికంటే ఎన్ని రెట్లు బరువో. బ్యాటరీ కరెంటు ఇస్తున్న కొద్దీ యాసిడ్‌లోని గంధకామ్లం ప్లేట్లలోకి చేరి, మిగిలిన ద్రవం పలచబడుతుంది. ఛార్జి ఎక్కుతున్న కొద్దీ తిరిగి చిక్కబడుతుంది. పూర్తి ఛార్జి ఉన్న సెల్లులో ఫ్లోటు దాదాపు 1.260 దగ్గర నిలుస్తుంది, సగం ఛార్జిలో 1.190 దగ్గరకు దిగుతుంది, 1.120 దగ్గర ఉంటే ఆ సెల్లు ఖాళీ అయినట్లే. కొన్ని స్కేళ్లపై చుక్క లేకుండా 1260 అని ముద్రిస్తారు. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ పట్టీలు మాత్రమే ఉన్న ఫ్లోటును కొనవద్దని నా సలహా, ఎందుకంటే అసలు విషయం ఆరు సెల్లుల మధ్య తేడాలో ఉంటుంది, ఆ తేడా రంగులలో కనబడదు.

మా చిన్న కారుకు 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉండేది. నాలుగవ ఏడాది మే నెలలో ఉదయం పూట సెల్ఫ్ బరువుగా తిరగడం మొదలైంది. మల్టీమీటరు పెడితే 12.45 వోల్టులు చూపింది. ఆ సంఖ్యను బట్టి చూస్తే బ్యాటరీలో ముప్పాతిక వంతు ఛార్జి ఉన్నట్లు, ఛార్జి ఎక్కిస్తే సరిపోయేట్లు అనిపిస్తుంది. మూతలు తీసి, పాజిటివ్ టెర్మినల్ వైపు నుండి వరుసగా కొలిచినప్పుడు 1.250, 1.245, 1.250, 1.165, 1.250, 1.245 వచ్చాయి. నాలుగవ సెల్లు ఒక్కటే కుంగిపోయింది. సెల్లు రీడింగుకు 0.84 కలిపితే దాని వోల్టేజి దాదాపుగా వస్తుంది. ఆ లెక్కన మంచి సెల్లు 2.09 వోల్టులు ఇస్తుంటే నాలుగవది సుమారు 2.0 ఇస్తున్నది. ఆరూ కలిపితే మల్టీమీటరు చూపిన 12.45 వోల్టులే వస్తాయి. బయటి రెండు టెర్మినళ్ల మధ్య కొలిచినప్పుడు జబ్బు సెల్లు లోటు మిగిలిన అయిదింటి మొత్తంలో కలిసిపోతుంది కాబట్టి, మల్టీమీటరు ఒక్కదానితో దానిని పట్టుకోవడం సాధ్యం కాదు.

అయినా ఆ రీడింగులతోనే తీర్పు చెప్పకూడదు. నెగటివ్ తీగ విప్పి, సుమారు 3.5 ఆంపియర్ల మీద, అంటే బ్యాటరీ సామర్థ్యంలో పదవ వంతు కరెంటుతో, ఛార్జరు పెట్టాను. గంటకొకసారి కొలుస్తూ, వరుసగా మూడు రీడింగులు కదలకుండా ఉన్నప్పుడు ఛార్జి నిండినట్లు భావించాలి. అయిదు సెల్లులు 1.260, 1.265 దగ్గర స్థిరపడ్డాయి. నాలుగవది 1.190 దగ్గరే ఆగింది. సెల్లుల మధ్య తేడా 0.050 దాటితే ఆ బ్యాటరీ చివరి దశకు వచ్చినట్లని ఈ పనిలో ఉన్నవారందరూ పాటించే కొలత. ఇక్కడ తేడా 0.070కి పైనే ఉంది. ప్లేట్ల నుండి రాలిన పొడి అడుగున పేరుకొని రెండు ప్లేట్లను కలిపివేయడమో, ప్లేట్ల మధ్య వేరుపరచే పొర దెబ్బతినడమో ఇటువంటి సెల్లులో తరచుగా జరిగేది. ఛార్జి ఎంత ఎక్కించినా ఆ సెల్లు తనలో తానే ఖర్చు చేసుకుంటుంది.

తరువాత కొంతసేపు హెడ్‌లైట్లు వెలిగించి, ఛార్జరు వల్ల పైపైన మిగిలిన అదనపు వోల్టేజిని దింపి, కొన్ని నిమిషాలు ఆగి లోడ్ టెస్టరు పెట్టాను. మీట నొక్కగానే ముల్లు 10.2 వోల్టుల దగ్గరకు వచ్చి, అక్కడ నిలవకుండా జారుతూ పది సెకండ్లలో తొమ్మిదికి దిగువకు పోయింది. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ భారం కింద ఒక్కసారి దిగి అక్కడే నిలబడుతుంది. గడ్డకట్టే చలిలో ఇంజినును తిప్పడానికి బ్యాటరీ ఇవ్వగల కరెంటును కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లు అంటారు; అందులో సగం కరెంటును 15 సెకండ్లు లాగినా 9.6 వోల్టులకు తగ్గకూడదన్నది ప్రామాణిక పరీక్ష. ఆ బ్యాటరీకి అది సుమారు 150 ఆంపియర్లు అవుతుంది. నా టెస్టరు వేసేది 100 మాత్రమే కాబట్టి, నా లెక్కలో ముల్లు పది వోల్టులకు దిగువకు వస్తేనే అనుమానించాలి. ముల్లు చూపే అంకె కంటే అది నిలిచిందా, జారిందా అన్నదే నేను ముఖ్యంగా గమనిస్తాను. ఈ బ్యాటరీ రెండు పరీక్షలలోనూ పోయింది కాబట్టి, నడిదారిలో ఆగిపోకముందే మార్చాను.

దీనికి సరిగ్గా తిరగబడిన అనుభవం సింగరాయకొండలో ఉన్న మా బావమరిది కారుతో ఎదురైంది. “బావా, షాపులో లోడ్ వేసి చూసి బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది తీసుకోమంటావా?” అని ఫోను చేశాడు. వెళ్లి చూస్తే వోల్టేజి 12.15 ఉంది, ఆరు సెల్లులూ 1.180కి, 1.190కి మధ్య సమానంగా ఉన్నాయి. ఆరూ కలిసి దిగాయంటే లోపం సాధారణంగా సెల్లులలో కాక ఛార్జి అందడంలో ఉంటుంది. సగం ఛార్జి ఉన్న బ్యాటరీపై వేసిన లోడ్ పరీక్షకు అర్థం లేదు, కనీసం 12.4 వోల్టులు లేకుండా ఆ పరీక్ష చేయకూడదు. రాత్రంతా ఛార్జరుపై పెట్టిన తరువాత ఆరూ 1.255కు ఎక్కాయి, లోడ్ టెస్టరు ముల్లు 10.4 దగ్గర కదలకుండా నిలిచింది. ఇంజిను నడుస్తున్నప్పుడు టెర్మినళ్ల దగ్గర 14.1 వోల్టులు వస్తున్నాయి కాబట్టి ఆల్టర్నేటరులోనూ తప్పు లేదు. చివరకు తేలినదేమిటంటే, కెమెరా ఒకదానిని తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపారు. వారానికొకసారి తీసే కారులో అది పగలూ రాత్రీ కరెంటు తాగుతున్నది. ఆ తీగ మార్చిన తరువాత అదే బ్యాటరీ మరొక వేసవిని కూడా దాటింది.

మన ఎండలలో హైడ్రోమీటరు వాడేవారు వేడి సవరణను మరువరాదు. మన దేశంలో రీడింగును 27 డిగ్రీల వేడికి సరిచూస్తారు. యాసిడ్ అంతకంటే ప్రతి పది డిగ్రీలు వేడెక్కినప్పుడు రీడింగుకు 0.007 కలపాలి. మే నెల మధ్యాహ్నం ఒంగోలు నుండి హైవేపై వచ్చి బానెట్ ఎత్తితే యాసిడ్ 47 డిగ్రీలు ఉండటం వింత కాదు. అప్పుడు ఫ్లోటు 1.240 చూపితే అసలు విలువ 1.254. ఈ కారణంగానే నేను తెల్లవారుజామున, కారు రాత్రంతా నిలిచిన తరువాత కొలుస్తాను. ఇక డిస్టిల్డ్ వాటరు పోసిన వెంటనే కొలవడం వ్యర్థం, ఎందుకంటే తేలికైన నీరు పైనే నిలిచి ప్రతి సెల్లూ చచ్చినట్లు చూపుతుంది. నీరు పోసి, ఛార్జి ఎక్కించి, యాసిడ్‌తో కలిసిన తరువాతనే కొలవాలి. రీడింగు తక్కువగా ఉందని యాసిడ్ పోసేవారు కూడా ఉన్నారు. దానివల్ల ఫ్లోటు పైకి లేస్తుంది కానీ ప్లేట్లు తొందరగా తినివేయబడతాయి, పైగా ఆ తరువాత ఏ రీడింగునూ నమ్మడానికి వీలుండదు.

హైడ్రోమీటరు చెప్పలేని సంగతి ఇది. మా ఎదురింటి డీజిల్ కారు బ్యాటరీలో ఆరు సెల్లులూ 1.260 దగ్గర చక్కగా ఉన్నాయి, అయినా సెల్ఫ్ ఒక పట్టాన తిరగడం లేదు. టెర్మినళ్లపై పేరుకొన్న తెల్లటి పొడిని గీకి, తీగలు బిగించి చూసినా మార్పు లేదు. లోడ్ వేసినప్పుడు ముల్లు ఏడు వోల్టులకు పడిపోయింది. యాసిడ్ చిక్కగా ఉండటమంటే ఉన్న ప్లేట్లు ఛార్జి అయ్యాయనే అర్థం. ఆ ప్లేట్లలో ఇంకా ఎంత పదార్థం మిగిలిందో, లోపలి గ్రిడ్లు ఎంత తుప్పు పట్టాయో, సెల్లుకూ సెల్లుకూ మధ్య అతుకు గట్టిగా ఉందో లేదో ఫ్లోటుకు తెలియదు. నిండుగా ఉన్నా మూతి పూడుకుపోయిన కూజా వంటి స్థితి అది. వేడి ప్రదేశాలలో గ్రిడ్లు తుప్పు పట్టడం వేగంగా జరుగుతుంది కనుక, మూడేళ్లు దాటిన బ్యాటరీకి హైడ్రోమీటరు రీడింగు బాగున్నా నేను లోడ్ పరీక్ష మానను.

పరికరాల మన్నిక గురించి కొంత చెప్పాలి. హైడ్రోమీటరులో మొదట పోయేది రబ్బరు బుడ్డ; యాసిడ్ తగిలి పగుళ్లు వేస్తుంది, వాడిన ప్రతిసారీ మంచినీటితో కడిగితే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఫ్లోటు గొట్టం గోడకు అంటుకొని తప్పు రీడింగు ఇవ్వడం మరొక ఇబ్బంది. గొట్టాన్ని నిటారుగా పట్టుకొని, ఫ్లోటు స్వేచ్ఛగా ఊగేంత ద్రవం పీల్చి, కళ్లకు సమానంగా ఎత్తి చదవాలి. చవకరకం హైడ్రోమీటరు కొద్దిగా ఎక్కువ తక్కువలు చూపినా ఆరు సెల్లులనూ అదే కొలుస్తుంది కాబట్టి వాటి మధ్య తేడా నమ్మదగినదే. లోడ్ టెస్టరు లోపలి తీగ ఎర్రగా కాలుతుంది; పది సెకండ్లకు మించి మీట నొక్కి ఉంచకూడదు, మళ్లీ వేసే ముందు చల్లారనివ్వాలి. ఛార్జి అవుతున్న బ్యాటరీ నుండి హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి ఛార్జరు ఆపి, మూతలు బిగించి, గాలి ఆడే చోట కాసేపు ఉంచిన తరువాతనే లోడ్ వేస్తాను; క్లిప్పులు గట్టిగా పట్టించిన తరువాతనే మీట నొక్కుతాను. కళ్లద్దాలు, పాత చొక్కా తప్పనిసరి, ఎందుకంటే యాసిడ్ చుక్క పడిన చొక్కాకు ఉతికిన తరువాత చిల్లి కనబడుతుంది.

మూతలు లేని సీల్డ్ బ్యాటరీ ఉన్నవారికి హైడ్రోమీటరు పనికిరాదు. దానిపై ఉండే ఆకుపచ్చ కన్ను నిజానికి ఒక చిన్న హైడ్రోమీటరే, కానీ అది ఒక్క సెల్లును మాత్రమే చూస్తుంది. మా పాత బ్యాటరీకి అటువంటి కన్ను రెండవ సెల్లులో ఉండి ఉంటే, ఛార్జి తరువాత చివరిదాకా ఆకుపచ్చగానే వెలిగేది. అటువంటి వారు పూర్తి ఛార్జి తరువాత లోడ్ టెస్టరును నమ్ముకోవాలి. కొత్త బ్యాటరీ తీసుకొన్నప్పుడు నేను మళ్లీ మూతలున్న రకాన్నే ఎంచుకొన్నాను. బిగించిన రోజునే ఆరు సెల్లుల రీడింగులూ, లోడ్ కింద ముల్లు నిలిచిన వోల్టేజీ ఒక కాగితంపై వ్రాసి వారంటీ కార్డుతో కలిపి పెట్టాను.