వాట్సాప్‌లో అన్నిటికీ ఒకే టైమరా, చాట్‌కో టైమరా? చాలాకాలం వాడాక నాకు తేలింది

వాట్సాప్‌లో మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే సదుపాయం 2020 చివర్లో వచ్చింది. అప్పట్లో ఒక్కో చాట్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి, గడువు కూడా 7 రోజులే. 2021 డిసెంబరులో 24 గంటలు, 90 రోజులు కూడా చేర్చి, కొత్త చాట్‌లన్నిటికీ ఒకేసారి పెట్టుకునే వీలు ఇచ్చారు. Settings లో Privacy లోకి వెళ్తే Default message timer అని కనిపిస్తుంది. నేను దాన్ని 7 రోజులకు పెట్టుకున్నాను. పాత చాట్‌లను అది ముట్టుకోదు కాబట్టి, వాటిలో కావాల్సినచోట మాత్రం విడిగా పెట్టుకుంటున్నాను.

డిఫాల్ట్ ఎందుకు నచ్చిందంటే, ఈ వయసులో నాకు కొత్తగా మొదలయ్యే చాట్‌లు ఎవరితో? కొరియర్ అబ్బాయి, ఏసీ మెకానిక్, పాత ఫ్రిజ్ కొనడానికి అడిగినవాళ్లు, టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేసినవాళ్లు. వీళ్లందరికీ ఇంటి లొకేషన్, ఫ్లాట్ నంబరు, ఒక్కోసారి గేటు ఫొటో కూడా పంపుతాం. పని అయ్యాక ఎవరం తుడుస్తాం? కొన్ని రోజులు దాటితే అవతలి ఫోన్లో ఉన్నదాన్ని తుడవడం మన చేతిలోనూ ఉండదు. టైమర్ ఉంటే రెండు వైపులా పోతుంది. ఇలాంటి చాట్‌లకు ఒక్కోదానికి విడిగా టైమర్ పెట్టే ఓపిక నాకైతే లేదు.

మొహమాటం సంగతి కూడా ఉంది. ఎప్పట్నుంచో ఉన్న చాట్‌లో టైమర్ ఆన్ చేస్తే, మనమే ఆన్ చేశామని మధ్యలో ఒక లైను పడుతుంది. మా మేనమామ చాట్‌లో పెట్టిన రోజు ఆయన వెంటనే ఫోన్ చేశాడు: "ఏంట్రా, నాతో మాట్లాడింది కూడా దాచుకోవాలా?" డిఫాల్ట్‌తో మొదలైన చాట్‌లో ఈ గొడవ లేదు. ఈయన కొత్త చాట్‌లన్నిటికీ ఇలాగే పెట్టుకున్నాడని అవతలివాళ్లకు మొదట్లోనే తెలుస్తుంది, ఎవరూ తమను ఉద్దేశించి అనుకోరు.

ఇబ్బందల్లా డబ్బు, కొలతలు ఉన్న చాట్‌లతోనే. పడగ్గదిలో వార్డ్‌రోబ్ చేయించడానికి ఒక కార్పెంటర్‌తో మాట్లాడాను. కొలతలు, ప్లైవుడ్ రకం, మొత్తం 85 వేలు, అడ్వాన్స్ ఎంత అన్నీ చాట్‌లోనే. పని నెలన్నర పడుతుంది, టైమరేమో 7 రోజులు. అందుకని ఎస్టిమేట్ పంపకముందే ఆ చాట్‌లో అతని పేరు నొక్కి, Disappearing messages లో 90 రోజులకు మార్చాను. ఈ వరస ముఖ్యం. ఏ మెసేజ్‌కైనా గడువు అది పంపిన సమయంలో ఉన్న టైమర్‌ని బట్టే పడుతుంది. ఎస్టిమేట్ వచ్చాక 90కి మార్చినా, ఆ పాత మెసేజ్ మాత్రం వారానికే పోతుంది.

అలా ముందే వచ్చేసిన మెసేజ్‌ని నొక్కి పట్టుకుని Keep ఇవ్వచ్చు. కానీ పంపినవాళ్లు వద్దంటే అది నిలవదు, వాళ్ల మాటే చెల్లుతుంది. బేరం విషయంలో దాన్ని నమ్ముకోలేం. నేనైతే ముఖ్యమైనవాటిని నాకు నేనే మెసేజ్ చేసుకునే చాట్‌లోకి ఫార్వర్డ్ చేస్తాను. అక్కడ టైమర్ లేదు కాబట్టి ఉండిపోతాయి. ఇంకొకటి, ఇద్దరి మధ్య చాట్‌లో టైమర్‌ని ఎవరైనా మార్చవచ్చు, తీసేయవచ్చు. మధ్యలో అలాంటి లైను ఏదైనా పడిందేమో ఓ కన్నేసి ఉంచాలి.

డిఫాల్ట్ పెట్టుకున్నవాళ్లు అసలు జాగ్రత్త పడాల్సింది సొంతవాళ్లు నంబరు మార్చినప్పుడు. మా చెల్లి కొత్త సిమ్ తీసుకుని, ఆ నంబరు నుంచి పిల్లాడి అన్నప్రాశన ఫొటోలు పంపింది. మనకు ఆమె చెల్లెలే కానీ, యాప్‌కి అది కొత్త చాట్, 7 రోజుల లెక్క మొదలు. ప్రొఫైల్ ఫొటో మూల చిన్న గడియారం గుర్తు ఉందేమో చూస్తే తెలిసిపోతుంది. నేను చూసి వెంటనే ఆ చాట్‌లో ఆఫ్ చేశాను, అప్పటికే వచ్చిన ఫొటోలను గ్యాలరీలోకి సేవ్ చేసుకున్నాను.

ఆ గ్యాలరీయే టైమర్‌కి పెద్ద చిల్లు కూడా. ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉన్నవాళ్ల ఫోన్లో, చాట్‌లోంచి పోయిన ఫొటో గ్యాలరీలో అలాగే ఉండచ్చు. స్క్రీన్‌షాట్ తీసుకుంటే చేసేదేమీ లేదు. అందుకే ఆధార్ కాపీ లాంటివి ఏ టైమర్ ఉన్నా చాట్‌లో పంపను, కాగితం మీద జిరాక్స్ తీసి చేతికే ఇస్తాను.

గ్రూపులకు ఈ డిఫాల్ట్ వాటంతట పడదు, గ్రూపు పెట్టేటప్పుడు మనమే ఎంచుకోవాలి. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మెయింటెనెన్స్ లెక్కలు ఉంటాయి కాబట్టి టైమర్ లేకుండానే నడుపుతున్నాం.