పన్నెండో రోజే అన్నీ కానిచ్చేయాలా, ఉయ్యాల ఇరవై ఒకటికి ఆపాలా?

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో మన తెలుగు ఇళ్ళ తొందర తెలిసిందే. ఊరి నుంచి చుట్టాలు వచ్చి ఉన్నారు కాబట్టి శుద్ధి, నామకరణం, ఉయ్యాల, బాలింత చేత దీపం పెట్టించడం, అన్నీ పన్నెండో రోజు ఒక్క పూటలో అయిపోవాలంటారు. రెండో పద్ధతిలో శుద్ధి, నామకరణం ఇంటివాళ్ళ వరకు 11 లేదా 12వ రోజున చేసి, ఉయ్యాల, బాలింత చేత బావిలో చేద వేయించి నీళ్ళు తోడించడం 21వ రోజుకు ఉంచుతారు. మా ఓటు రెండోదానికే.

ముందు లెక్క సరిచూసుకోవాలి. పుట్టిన రోజే మొదటి రోజు. చాలా ఇళ్ళలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. మంగళవారం తెల్లవారుజామున 4 గంటలకు బిడ్డ పుడితే ఆసుపత్రి కాగితం మంగళవారం అంటుంది, ఇంటి లెక్క సోమవారం అంటుంది. సోమవారం ఒకటైతే పురుడు ఆపై వారం బుధవారంతో తీరుతుంది. శుద్ధి గురువారం, పన్నెండో రోజు శుక్రవారం, ఇరవై ఒకటో రోజు ఆదివారం. కాగితం చూసి లెక్కపెడితే అన్నీ ఒక్కో రోజు ఆలస్యమవుతాయి, సత్రమూ వంటవాళ్ళూ కుదిరాక ఆ తేడా బయటపడుతుంది. అందుకే పురోహితుడికి గంట, నిమిషం చెప్పి, ఆయన సూర్యోదయం పట్టుకుంటారో అర్ధరాత్రి పట్టుకుంటారో అడగాలి.

నామకరణం మాత్రం వాయిదా వేయకండి. పదో రోజు గాని పన్నెండో రోజు గాని పేరు పెట్టమని మనుస్మృతి చెబుతుంది. చెప్పిన కాలంలో చేస్తే మూఢం, అధిక మాసం అడ్డురావు. దాటాక చేయాలంటే తిథి, నక్షత్రం, మూఢం అన్నీ చూసి ముహూర్తం పెట్టించుకోవాలి, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. నామకరణానికి కావలసింది కూడా తక్కువే: పుణ్యాహవచనానికి ఒక కలశం, వెడల్పాటి పళ్ళెంలో కిలో బియ్యం, పేరు రాయడానికి బంగారు ఉంగరం, బిడ్డ కుడి చెవిలో తండ్రి చెప్పే మాట. గంటన్నరలో అయిపోతుంది.

బాలింత సంగతి వేరు. పదకొండో రోజు స్నానంతో, పుణ్యాహపు నీళ్ళతో అంటు పోతుంది. అంతమాత్రాన ఆమెకు కర్మాధికారం రాదు. కొడుకును కంటే 20 రాత్రులు, కూతురును కంటే నెల గడిచాక ఆమె చేత కర్మలు చేయించాలని ధర్మశాస్త్ర నిబంధాలు చెబుతాయి. ఇరవై ఒకటో రోజు ఆచారం వెనుక ఉన్నది ఈ లెక్కే. ఇప్పుడు ఎన్నో ఇళ్ళు కూతురుకీ 21నే పాటిస్తున్నాయి, అది మంచిదే. పన్నెండో రోజున ఆమెను పీట మీద కూర్చోబెట్టినా, దీపం దగ్గరికి వచ్చేసరికి పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు "ఇప్పుడే వద్దమ్మా" అంటారు. నలుగురి ముందు ఆ మాట పడటం ఆమెకు కష్టం.

ఒళ్ళు కూడా చూడాలి. సిజేరియన్ అయిన మనిషి పన్నెండో రోజు బాసింపట్టు వేసుకుని కూర్చోలేదు. బిడ్డకు బొడ్డు ఊడి ఉండకపోవచ్చు. కోరింత దగ్గు టీకా మొదటి మోతాదు ఆరు వారాలకు గాని పడదు కాబట్టి, 21న కూడా దగ్గు, జలుబు ఉన్నవాళ్ళ చేతికి బిడ్డను ఇవ్వకూడదు. సాంబ్రాణి పొగ బిడ్డ ఉన్న గదిలో వేయకండి.

అసలు చిక్కు చేద దగ్గర వస్తుంది, ఎందుకంటే బావి లేదు. కొందరు సంపు మూత తీయించి బాలింతను వంగమంటున్నారు. అది ప్రమాదం, అవసరమూ లేదు. ఇత్తడి బిందెను తోమి, కుళాయి కింద నింపి పీట మీద పెట్టండి. దానికి పసుపు రాసి ఐదు కుంకుమ బొట్లు పెట్టి, రెండు తమలపాకులు, వక్క, అరటిపండు, నానిన సెనగలు గంగమ్మకు పెట్టి హారతి ఇస్తే చాలు. ఆ తర్వాత బాలింత ఒక చెంబుతో నీళ్ళు ముంచుకుని దేవుడి గదిలోకి తీసుకెళ్ళి అక్కడ దీపం పెడుతుంది. బిందె ఎత్తించకండి: పది లీటర్ల నీళ్ళంటే పది కిలోలు, పైన ఇత్తడి బరువు. కుట్లున్న మనిషి బిడ్డకన్నా బరువైనదేదీ ఎత్తకూడదు.

ఉయ్యాలకు పై కప్పు కొక్కేన్ని నమ్మకండి. ఫాల్స్ సీలింగ్‌కు బిగించింది బరువు ఆపదు, స్టాండు ఉయ్యాలే తీసుకోండి. బిడ్డను వేసే ముందు కొన్ని ఇళ్ళలో పొత్రాన్ని గుడ్డలో చుట్టి ఉయ్యాలలో పెట్టి ఊపుతారు, స్టాండు కదులుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. నలభై మంది ముత్తైదువులకు రెండు కిలోల సెనగలు రాత్రే నానబెడితే మనిషికి ఒక గుప్పెడు వస్తాయి. ఉదయం వడకట్టి, గుడ్డ మీద అరగంట ఆరబెట్టాకే పొట్లాలు కట్టాలి. తడిగా కవర్లో వేస్తే మధ్యాహ్నానికి జిగురొస్తాయి.

మామూలు కాన్పై, బాలింత తేలిగ్గా తిరుగుతూ, మేనత్త మళ్ళీ రాలేని దూరం నుంచి వచ్చి ఉంటే ఉయ్యాల కూడా పన్నెండునే వేయండి. ఉయ్యాలకు తల్లి కర్మాధికారంతో పనిలేదు, బిడ్డను వేసేది మేనత్తే. అప్పుడు కూడా చేద, దీపం మాత్రం 21కే ఉంచండి. వాటికి చుట్టాలు అక్కర్లేదు, ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటే చాలు.