వీడియో లింకు ఇస్తే ఏఐ నిజంగా చూస్తుందా? చాలాకాలం వాడాక నా సమీక్ష

తిరుపతిలో చేతిపనులు నేర్పే చిన్న శిక్షణ తరగతి నడుపుతున్నాను. శ్రీకాళహస్తి కలంకారీ మీద మా పిల్లలకు తెలుగులో నోట్సు తయారు చేయడానికి ఏఐ అసిస్టెంట్లను ఏడాదికి పైగా వాడుతున్నాను. మిగతా పనుల్లో అవి ఎలా ఉన్నాయో ఇక్కడ రాయడం లేదు. యూట్యూబ్ లింకు అతికించి, ఈ వీడియోలో ఏం చూపించారో రాసిమ్మంటే ఏం జరుగుతుంది, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలి, ఆ ఒక్క సంగతే చెబుతాను.

నేను మళ్లీ మళ్లీ ఇచ్చి చూసిన వీడియో సుమారు ఇరవై అయిదు నిమిషాలది. ఒక పెద్దాయన తన ఇంటి వసారాలో కూర్చుని, గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టడం దగ్గర నుంచి చేసి చూపిస్తారు. తర్వాత కాల్చిన చింతపుల్లతో బొమ్మ గీసి, దాని మీద కసింలో ముంచిన కలంతో గీతలు దిద్దుతారు. కసిం అంటే ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన నలుపు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, ఆ తర్వాత రంగులో ఉడికిస్తారు.

మొదట వాడిన అసిస్టెంటుకు ఇంటర్నెట్‌లోకి వెళ్లే సౌకర్యం లేదు. అయినా కలంకారీ వీడియో అని ఒక మాట రాసి లింకు ఇవ్వగానే చక్కటి జవాబు వచ్చింది. కరక్కాయ ఉంది, పాలు ఉన్నాయి, పటిక ఉంది. శ్రీకాళహస్తిలో ఈ పని చేసే ఒక అన్నకు ఫోన్‌లో చూపించాను. సగం చదివి ఆగిపోయారు. "మేడం, ఇందులో చెక్క అచ్చులు ఎక్కడివి? అచ్చులతో అద్దేది పెడన వైపు కదా. మేము కలంతోనే గీస్తాం" అన్నారు. వీడియోలో అచ్చు అన్నది ఒక్క క్షణం కూడా కనిపించదు. మచిలీపట్నం, పెడన పద్ధతిని, కాళహస్తి పద్ధతిని కలిపేసి, కలంకారీ గురించి ఎక్కడెక్కడో రాసి ఉన్నదాన్ని వీడియోలో ఉన్నట్టు రాసిందన్నమాట.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే లింకులో ఏముందో చూడాలి. యూట్యూబ్ లింకులో `v=` తర్వాత వచ్చేది 11 అక్షరాలు, అంకెల వరుస. ఇంటి నంబరు చదివి లోపల ఏం వండారో చెప్పలేనట్టే, ఆ వరుసను బట్టి వీడియోలో ఏముందో తెలియదు. అసిస్టెంటుకు ఏ పనిముట్టూ లేకపోతే దానికి అందేది ఆ అక్షరాలు, మనం పక్కన రాసిన మాటలు మాత్రమే. కలంకారీ అన్న మాట ఇచ్చింది నేనే. అందుకే ఇప్పుడు కొత్త అసిస్టెంటు ఏదైనా ముందు లింకు ఒక్కటే ఇస్తాను, పక్కన ఒక్క ముక్క కూడా రాయను. ఊహించి రాసేదైతే పట్టుకోవడానికి దానికి ఏమీ దొరకదు. వీడియో తెరవలేనని నేరుగా చెప్పేస్తుంది, లేదా సంబంధం లేని విషయం రాస్తుంది. తెరవలేనని చెప్పే దానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. పిల్లలకు ఇచ్చే నోట్సులో తప్పు పడకుండా కాపాడేది ఆ మాటే.

రెండో రకం వెబ్ పేజీ తెరవగలదు. ఇది ఇంకాస్త చిక్కు. పేజీలో శీర్షిక, ఛానెల్ పేరు, కింద రాసిన వివరణ ఉంటాయి. అది చదివేది అదే. బొమ్మ దాకా గానీ, గొంతు దాకా గానీ వెళ్లదు. వివరణలో నిమిషాల వారీగా భాగాల పేర్లు ఇచ్చి ఉంటే అవన్నీ జవాబులో సరిగ్గా వస్తాయి. దాంతో చూసే రాసిందని మనకు నమ్మకం కుదురుతుంది. నేను పట్టుకునే పద్ధతి ఏమిటంటే, ఆ భాగాల మధ్యలో జరిగినదాన్ని అడుగుతాను. పాలు ఏ పాత్రలో పోశారు, గుడ్డను నీడలో ఆరేశారా, ఎండలోనా అని. వీడియోలో లేనిదాన్ని ఉన్నట్టు కూడా అడుగుతాను. మా వీడియోలో నీలి రంగు వాడరు. నీలి ఎన్నో నిమిషంలో కలిపారని అడిగితే, ఒక అసిస్టెంటు ముప్పై ఒకటో నిమిషం అని రాసింది. వీడియో నిడివే అంత లేదు.

ఇంకో సంగతి. లింకు చివర `&t=754` అని ఉంటే 12 నిమిషాల 34 సెకన్ల దగ్గర మొదలవుతుందని మనకు తెలుసు. పేజీ చదివే అసిస్టెంటుకు దానివల్ల ఆ క్షణంలో ఏం జరుగుతోందో తెలియదు. ఏ నిమిషం కావాలో మాటల్లో రాసినా ఫలితం అంతే.

మూడో రకం ట్రాన్‌స్క్రిప్ట్, అంటే వీడియోలో మాటల రాతప్రతి, చదివేది. నేను ఎక్కువగా ఆధారపడుతున్నది దీని మీదే. కంప్యూటర్‌లో వీడియో కింద వివరణను విప్పితే, క్యాప్షన్లు ఉన్నవాటికి ట్రాన్‌స్క్రిప్ట్ చూపించే బటన్ ఉంటుంది. దాన్ని నేనే కాపీ చేసి అసిస్టెంటుకు ఇస్తాను. అప్పుడు అది ఏం చదివిందో నాకు ఖాయంగా తెలుస్తుంది. సంభాషణ, ఉపన్యాసం లాంటి వీడియోలకు ఇది బాగా పనిచేస్తుంది.

చేతిపనికి మాత్రం చాలదు. మా పెద్దాయన గిన్నె ఎత్తి చూపిస్తూ "ఇంత పాలు పోయాల, ఇంతకంటే వద్దు" అంటారు. రాతప్రతిలో 'ఇంత' మిగులుతుంది, గిన్నె మిగలదు. గీత గీసేటప్పుడు ఆయన అసలు మాట్లాడరు. కొన్ని నిమిషాలు మౌనంగా గడుస్తాయి. అసలు నేర్చుకోవాల్సింది అక్కడే. కలానికి చుట్టిన పీచును వేళ్లతో ఎంత నొక్కితే అంత కసిం దిగుతుంది. ఇది రాతప్రతిలో ఒక్క అక్షరంగా కూడా రాదు. పైగా యంత్రం తయారు చేసిన క్యాప్షన్‌లో కసిం అన్న మాట ఒక్కోచోట ఒక్కోలా పడింది. అసిస్టెంటు దాన్ని తనకు తోచిన మాటగా సరిదిద్ది రాసింది. అందుకని ఇప్పుడు పనిమాటల పట్టిక ముందే ఇస్తాను. కొలత చూపించే చోట వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీసి, నిమిషం రాసి జత చేస్తాను. ఈ రెండూ చేశాక నోట్సులో తప్పులు బాగా తగ్గాయి.

వీడియోను నిజంగానే తీసుకునేవి కూడా ఉన్నాయి. గూగుల్ జెమినై డెవలపర్లకు ఇచ్చే సేవలో యూట్యూబ్ లింకును నేరుగా ఇవ్వవచ్చు, వీడియో పబ్లిక్‌గా ఉండాలి. అక్కడ కూడా మనం చూసినట్టు చూడడం ఉండదు. మామూలు అమరికలో సెకనుకు ఒక్క ఫ్రేము తీసుకుని, గొంతుతో కలిపి చదువుతుంది. ఇరవై అయిదు నిమిషాలకు 1,500 బొమ్మలు. గుడ్డ నానబెట్టడం, ఆరేయడం, ఉడికించడం లాంటి నిదానమైన పనులకు అది సరిపోతుంది. వేళ్లతో నొక్కి వదలడం ఒక సెకను లోపలే అయిపోతుంది కాబట్టి రెండు బొమ్మల మధ్య జారిపోవచ్చు. ఆ భాగాన్ని నేను ఇప్పటికీ నా కళ్లతో, వేగం సగానికి తగ్గించి చూసి, చేత్తోనే రాసుకుంటున్నాను.

ఒకే అసిస్టెంటు ఒకరోజు రాతప్రతి తెచ్చుకుని చదువుతుంది, మరోరోజు అది అందక శీర్షికతో సరిపెట్టుకుంటుంది. జవాబు తీరు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే ప్రతిసారీ ముందు ఒకటి అడుగుతాను: ఎన్నో నిమిషంలో అన్నారో చెప్పి, ఆ మనిషి అన్న మాటలు అన్నట్టే రాయమని. ఆ నిమిషానికి వెళ్లి వింటాను. మాట కలిస్తే మిగతాది చదువుతాను, కలవకపోతే ఆ జవాబును పక్కన పెట్టేస్తాను. వాట్సాప్‌లో వచ్చే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లింకుల విషయంలో ఈ పరీక్ష దాకా కూడా వెళ్లను. చాలాసార్లు అసిస్టెంటుకు అక్కడ కనిపించేది లాగిన్ పేజీయే. అలాంటి వీడియో అవసరమైతే తీసినవారినే అడిగి ఫైలు తెప్పించుకుని, వీడియో ఫైలు తీసుకునే అసిస్టెంటులో అప్‌లోడ్ చేస్తాను.