టిమోలాల్, పైలోకార్పిన్, కంటిపాప పెద్దది చేసే చుక్కలు: ఏళ్ల తరబడి వాడాక

నాది ఓపెన్ యాంగిల్ గ్లాకోమా, అంటే కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినే జబ్బు. మొదట చూసినప్పుడు కంటి ఒత్తిడి 28 ఉంది, మామూలుగా 10 నుంచి 21 లోపు ఉండాలి. టిమోలాల్ 0.5 శాతం ఉదయం, సాయంత్రం ఒక్కో చుక్క రాశారు. కొన్ని వారాల్లో 20కి దిగింది. చుక్క వేసిన క్షణం కాస్త చురుక్కుమంటుంది, అంతే. చూపు మసకబారదు, పాప మారదు. సుఖంగా వాడుకోగల మందు అనే చెబుతాను, కానీ ఒక మెలిక ఉంది.

కంట్లో నీరు ఐరిస్, అంటే పాప చుట్టూ ఉండే రంగు పొర, దాని వెనక ఉండే సీలియరీ బాడీలో ఊరుతుంది. అది పాప గుండా ముందుకొచ్చి, ఐరిస్, కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా కలిసే మూలలో ఉన్న సన్నటి జల్లెడలోంచి బయటికి పోతుంది. టిమోలాల్ సీలియరీ బాడీలోని బీటా గ్రాహకాలను మూసి, ఊరే నీటిని తగ్గిస్తుంది. కుళాయి కాస్త కట్టేయడమే, తూము జోలికి పోదు. నిద్రలో నీరు ఎలాగూ తక్కువే ఊరుతుంది కాబట్టి రాత్రిపూట దీని ప్రభావం పెద్దగా ఉండదు.

ఇక మెలిక. చుక్కలో కంట్లో నిలిచేది కొంతే. మిగతాది కంటి మూల నుంచి ముక్కులోకి జారి, అక్కడి పొర ద్వారా నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన మాత్రలాగా ముందు కాలేయం గుండా వెళ్లదు. నేను బీపీకి అటెనొలాల్ కూడా వేసుకునేవాణ్ని, అదీ టిమోలాల్ లాగే బీటా గ్రాహకాలను మూసే బీటా బ్లాకరే, ఇవి గుండె వేగాన్ని తగ్గిస్తాయి. మెట్లెక్కితే నీరసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం మొదలయ్యాయి. నాడి చూస్తే 48. మందులేం వాడుతున్నారని అడిగితే మనం మాత్రల పేర్లే చెబుతాం, చుక్కలు ఎవరికి గుర్తుంటాయి! బీపీ డాక్టరు కంటి చీటీ చూశాకే సంగతి తేలింది. పైగా లోపలికి బీటా బ్లాకర్ తీసుకునేవారికి చుక్కల వల్ల ఒత్తిడి తగ్గడం కూడా తక్కువే. ఉబ్బసం ఉన్నవారికైతే ఈ చుక్కలు ఊపిరే బిగించేస్తాయి, వాళ్లకు ఇవ్వరు.

చుక్క వేశాక కళ్లు మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. మందు కంట్లోనే ఎక్కువసేపు ఉంటుంది, ఒంట్లోకి వెళ్లేది తగ్గుతుంది. ఇంకో చుక్క వేయాల్సి ఉంటే కనీసం ఐదు నిమిషాల ఎడం ఇవ్వాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.

టిమోలాల్ ఆపి నాకు పైలోకార్పిన్ 2 శాతం ఇచ్చారు, రోజుకు నాలుగుసార్లు. ఇది కుళాయి వదిలేసి తూము చూసుకుంటుంది. సీలియరీ కండరాన్ని బిగించి, దాంతో జల్లెడను లాగి తెరుస్తుంది. ఒత్తిడి బాగానే దిగింది కానీ దీనితో కాపురం కష్టం. కనుబొమల దగ్గర నొప్పి మొదటి వారాల్లో గట్టిగా పట్టుకుంది. పాప ఆవగింజంత అయి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇల్లంతా చీకటిగా అనిపించేది, రాత్రి బండి నడపడం మానుకున్నాను. అదే కండరం లెన్సును ఉబ్బించడం వల్ల దూరపు బోర్డులు మసక. రాత్రిళ్లు ఒక్క చుక్కతో సరిపోయే లటానోప్రాస్ట్‌కి మారాక గానీ ప్రాణం కుదుటపడలేదు.

అయినా పైలోకార్పిన్‌ని తీసిపారేయలేను. మా వదిన కంట్లో ఐరిస్, కార్నియా కలిసే ఆ మూల ఇరుకు. ఒక సాయంత్రం కన్ను ఎర్రబడి, తల పగిలే నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు. ఐరిస్ ఆ మూలను మూసేసింది. ముందు సూది మందు, టిమోలాల్‌తో ఒత్తిడి దించి, తర్వాతే పైలోకార్పిన్ వేశారు. ఒత్తిడి మరీ ఎక్కువగా ఉంటే పాపను ముడిచే కండరానికి రక్తం అందక ఈ చుక్క పనిచేయదు. పాప చిన్నదై ఐరిస్ సాగి మూల నుంచి పక్కకు జరిగాక, లేజర్‌తో ఐరిస్‌లో చిన్న రంధ్రం చేశారు.

అలాంటి కంటికి ఆ రంధ్రం చేయకముందు, పరీక్షకు వేసే పాప పెద్దది చేసే చుక్కలే ప్రమాదం తేగలవు. వాటిలో సాధారణంగా రెండు మందులు కలిసి ఉంటాయి. ట్రోపికమైడ్ పాపను ముడిచే కండరాన్ని సడలిస్తుంది, ఫినైలెఫ్రిన్ విప్పే కండరాన్ని బిగిస్తుంది. అరగంటలో పాప విచ్చుకుంటుంది, లోపలి నరం కనిపిస్తుంది. ట్రోపికమైడ్ వల్ల దగ్గరి అక్షరాలు నాలుగైదు గంటలు మసకే, ఎండ భరించలేం, నల్ల కళ్లద్దాలు, తోడొక మనిషి తప్పనిసరి. బీపీ ఎక్కువున్నవారు ముందే చెబితే ఫినైలెఫ్రిన్ లేని చుక్క వేస్తారు. పైలోకార్పిన్ వాడే రోజుల్లో నా పాప ఎన్ని చుక్కలకూ సరిగా విచ్చుకునేది కాదు, అందుకే ఆ చీటీ పరీక్ష గదిలో ముందే చూపించేవాణ్ని. కొందరు టెక్నీషియన్లు వరసలో అందరికీ ఒకేలా చుక్కలు వేసుకుంటూ పోతారు, నా కంట్లో ఆ మూల ఇరుకో కాదో చూశారా అని అడగడానికి మొహమాటపడకండి.