ఎఫ్‌ఐ లైటు వెలిగితే సెన్సార్ మార్చేయాలా? బీఎస్‌6 బండిని ఏళ్లుగా నడిపాక నా సమీక్ష

మాది కర్నూలు. నాపరాళ్ల వ్యాపారం కాబట్టి బేతంచెర్లకు వారంలో ఎక్కువ రోజులు పోయి రావాలి. 150 సీసీ బీఎస్‌6 బండి, కొత్తగా తీసుకున్నప్పటి నుంచి నేనే నడుపుతున్నాను. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే నేను రాసేది కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్, అంటే ఎఫ్‌ఐ, ఉన్న ఏ సింగిల్ సిలిండర్ బండికైనా దాదాపు ఇలాగే ఉంటుంది. ఇంజెక్షన్ మీద నాకు మంచి అభిప్రాయమే. చలికాలం పొద్దున చోక్ లాగే పని లేదు, మే ఎండల్లో కూడా ఒక్క స్టార్టుకే అందుకుంటుంది. నా ఫిర్యాదు మీటరులోని ఆ పసుపు ఎఫ్‌ఐ లైటు మీదే. ఏదో తేడా ఉందని చెబుతుంది కానీ ఏం తేడానో చెప్పదు. అక్కడి నుంచి మెకానిక్ ఊహల మీద మన జేబు ఖాళీ అవుతుంది.

తాళం తిప్పగానే లైటు వెలిగి కాసేపటికి ఆరిపోతే అది బల్బు పరీక్షే, టెన్షన్ పడక్కర్లేదు. నడుస్తుండగా వెలిగి అలాగే ఉండిపోతే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఇసియు, ఏదో ఒక లోపం కోడ్ దాచిపెట్టుకుందని అర్థం. నాకు అలా వెలిగింది ఓర్వకల్లు దాటాక. అప్పటికే 47 ఇచ్చే మైలేజీ 39కి పడిపోయింది. అందరూ ఈ20 పెట్రోలు వల్లే అన్నారు. ఈ20తో కొంత తగ్గే మాట నిజమే కానీ, ఇంత ఒక్కసారిగా పడదు.

నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర మెకానిక్ స్కానర్ పెడితే P0131 వచ్చింది. ఆక్సిజన్ సెన్సార్ వోల్టేజీ తక్కువగా ఉందని దాని అర్థం. "సెన్సార్ పోయిందన్నా, కొత్తది ఏస్తే సరిపోతాది" అన్నాడు. అంటే రెండు మూడు వేలు. అలాగే తొలిసారి యాక్సిలరేటర్ ఇవ్వగానే చిన్న జర్క్ వస్తోంది కదా, థ్రాటిల్ సెన్సార్ కూడా చూడాలన్నాడు. అది విడిగా దొరకదు, నా బండిలో థ్రాటిల్ బాడీకి అంటుకుని ఉండే సెన్సార్ యూనిట్ మొత్తం మార్చాలి. ఆ రెండూ ఏం చేస్తాయో తెలిస్తే ఇలాంటి చోట డబ్బులు మిగులుతాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ గాలిని కొలవదు. యాక్సిలరేటర్ తిప్పితే థ్రాటిల్ బాడీలో ఒక పలక తెరుచుకుంటుంది, ఆ పలక ఎంత తెరుచుకుంది, ఎంత వేగంగా తెరుచుకుంది అన్నదే ఇది చెబుతుంది. దానికి మూడు వైర్లు ఉంటాయి: ఒకటి 5 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. పలక మూసి ఉంటే సిగ్నల్ సుమారు అర వోల్టు, పూర్తిగా తెరిస్తే నాలుగు దాటుతుంది, బండిని బట్టి కొంచెం అటూ ఇటూ. తాళం ఆన్ చేసి, ఇంజన్ ఆపి ఉంచి, సిగ్నల్ వైరు మీద మల్టీమీటరు పెట్టి యాక్సిలరేటర్‌ను చాలా నెమ్మదిగా తిప్పాలి. వోల్టేజీ ఎక్కడా తెగకుండా పెరగాలి. మధ్యలో ఒక చోట గబుక్కున పడిపోయి మళ్లీ లేస్తే లోపలి ట్రాక్ అరిగిందని అర్థం, బండి కూడా సరిగ్గా అదే తెరుపు దగ్గర తడబడుతుంది. నాది సాఫీగా పెరిగింది. కాబట్టి దాని జోలికి పోవద్దని చెప్పాను. దాని స్క్రూలు ఫ్యాక్టరీలో సెట్ చేసినవి, ఊరికే వదులు చేస్తే ఐడ్లింగ్ చెడుతుంది.

ఆక్సిజన్ సెన్సార్ పని దీనికి పూర్తిగా అటువైపు. థ్రాటిల్ సెన్సార్ వంటకు ముందు కొలత చెబితే, ఇది వండాక రుచి చూసి ఉప్పు ఎక్కువో తక్కువో చెబుతుంది. సైలెన్సర్ బెండ్ పైపులో మరతో బిగించి ఉంటుంది. కాలిన పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బయటి గాలితో పోల్చి వోల్టేజీ ఇస్తుంది. పెట్రోలు ఎక్కువైతే 0.8, 0.9 వోల్టుల దాకా, తక్కువైతే 0.1 దాకా. బాగున్న సెన్సార్, ఇంజన్ వేడెక్కాక, ఈ రెంటి మధ్య ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగడమే ఆరోగ్యం. సుమారు 300 డిగ్రీల వేడి వస్తే గానీ ఇది సరిగ్గా పనిచేయదు, అందుకే చాలా వాటిలో హీటర్ కూడా ఉంటుంది. ఇంకో సంగతి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు ఇసియు దీని మాట పట్టించుకోదు. ఐడ్లింగ్‌లో, ఒకే వేగంతో పోయేటప్పుడు మాత్రమే వింటుంది. మనం రోడ్డు మీద ఎక్కువసేపు ఉండేది అలాగే కాబట్టి మైలేజీ దెబ్బ అంతా అక్కడే తగులుతుంది.

ఇప్పుడు నా కేసు. బండిలో స్కానర్ పెట్టే ఆరు పిన్నుల సాకెట్‌కు కన్వర్టర్ కేబుల్, దానికి బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో లైవ్ రీడింగులు చూశాను. (అన్ని బండ్లూ ఇవి చూపించవు, నాది చూపిస్తుంది.) ఐడ్లింగ్‌లో సెన్సార్ 0.1 దగ్గరే కూర్చుంది. LTFT అనే అంకె +18 ఉంది, అంటే ఇసియు మామూలు కంటే 18 శాతం పెట్రోలు ఎక్కువ పోస్తోంది. ప్లగ్గు విప్పితే నల్లగా, పొడి మసి. సెన్సారేమో పెట్రోలు తక్కువ అంటోంది, ప్లగ్గేమో ఎక్కువ అంటోంది. రెండూ ఒకేసారి నిజమెలా అవుతాయి? సెన్సార్ చచ్చిందా అంటే, ఒక్కసారి గట్టిగా రేస్ ఇస్తే టక్కున 0.8కి లేచి మళ్లీ దిగింది. చచ్చిన సెన్సార్ అలా లేవదు. అంటే సెన్సార్ చెప్పేది అబద్ధం కాదు, దాని దగ్గరికి వచ్చే పొగలోనే ఎక్కడిదో బయటి గాలి కలుస్తోంది.

ఆ గాలి వచ్చే చోటు సిలిండర్ హెడ్డుకు బెండ్ పైపు కలిసే దగ్గర. అక్కడి గాస్కెట్ రింగు నలిగిపోతే పొగ బయటికి రావడమే కాదు, ఒక్కో పొగ దెబ్బ వెళ్లాక పైపులో పీడనం క్షణం పాటు పడిపోయి బయటి గాలి లోపలికి లాగుతుంది. సింగిల్ సిలిండర్‌లో, అందులోనూ ఐడ్లింగ్‌లో, ఇది ఎక్కువ. సెన్సార్ ఆ గాలిని చూసి పెట్రోలు తక్కువ అంటుంది, ఇసియు నమ్మి ఇంకా పోస్తుంది. ఆ జర్క్ కూడా ఇలా ఎక్కువైన పెట్రోలుదే. థ్రాటిల్ సెన్సార్ తప్పేమీ లేదు.

పట్టుకోవడం కష్టం కాదు. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు ముందు భాగం నుంచి సన్నగా టిక్ టిక్‌మని వినబడేది, వేడెక్కి లోహం వ్యాకోచించగానే తగ్గేది. వంగి చూస్తే బెండ్ పైపును హెడ్డుకు బిగించే ఫ్లాంజ్ కింది నట్టు పక్కన వేలి గోరంత నల్లటి మసి మరక. సందేహం తీర్చుకోవడానికి చల్లటి ఇంజన్ మీద, సైలెన్సర్ చివర బ్లోయర్‌తో గాలి ఊది, ఆ కీలు మీద సబ్బు నీళ్లు రాస్తే బుడగలు లేచాయి. మెకానిక్‌కు చూపిస్తే, "అబ్బా, ఇది చూడల్యాదన్నా" అని మనస్ఫూర్తిగా ఒప్పుకుని పని మొదలుపెట్టాడు.

రింగు ఖర్చు వంద రూపాయలు కూడా కాలేదు. పాత రింగు ముక్క లోపల అతుక్కుపోయి ఉంటుంది, దాన్ని పూర్తిగా గీకి తీయాలి, లేకపోతే కొత్తది సరిగ్గా కూర్చోదు. రెండు నట్లను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి, ఒకవైపే లాగేస్తే ఫ్లాంజ్ వంకరై మళ్లీ లీకే. కోడ్ తుడిచాక సెన్సార్ 0.1, 0.8 మధ్య ఊగడం మొదలైంది, కొన్నాళ్లు తిరిగాక LTFT +3 దగ్గర నిలిచింది, మైలేజీ 46కి వచ్చింది.

అన్నీ ఇలాగే గాస్కెట్‌తో పోవు. రేస్ ఇచ్చినా 0.1 నుంచి కదలకపోతే సెన్సారో వైరో నిజంగా పోయి ఉంటుంది. P0135 వస్తే అది హీటర్ సర్క్యూట్, ముందు ఫ్యూజు, సైలెన్సర్‌కు తగిలి కాలిన వైరు చూడాలి. P0122 గానీ P0123 గానీ వస్తే థ్రాటిల్ సెన్సార్ వైపు, ముందు కప్లర్ విప్పి పిన్నుల తుప్పు చూడండి. కోడ్ చూడకుండా బ్యాటరీ వైరు పీకి లైటు ఆర్పే వాళ్ల దగ్గరికి మాత్రం బండి ఇవ్వకండి, లీకు అలాగే ఉంటుంది, కోడ్ మాత్రం పోతుంది. ఇక పంక్చర్‌కో క్లచ్ పనికో ఎప్పుడు సైలెన్సర్ విప్పించినా ఆ రింగు కొత్తది వేయించండి. ఒకసారి నలిగిన రింగు రెండోసారి సీల్ ఇవ్వదు.