సారాంశం రాసేటప్పుడు ‘మండిపడ్డారు’ మేలా, ‘అన్నారు’ మేలా?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుకునే మేం ముగ్గురం ఒక సాయంత్రం ఒకే ప్రసంగానికి సారాంశం రాసి పక్కపక్కన పెట్టుకున్నాం. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చేసిన ప్రసంగం అది. మా ముగ్గురికీ తేడా వచ్చింది సత్యాగ్రహం గురించిన మాటల దగ్గరే.

మొదటి కాగితంలో ‘సత్యాగ్రహంపై అంబేడ్కర్ మండిపడ్డారు’ అని ఉంది. పొద్దున్నే పేపర్లో చదివి చదివి మనకు అలవాటైపోయిన క్రియ అది. ఆయన ఏమన్నారో చెప్పకుండా, ఎంత కోపంగా అన్నారో మనమే తేల్చేస్తుంది. ‘వెల్లడించారు’ అంటే ఆ మాట నిజమని మనం ఒప్పుకున్నట్టు, ‘చెప్పుకొచ్చారు’ అంటే నమ్మనట్టు. ‘అన్నారు’కి ఈ బెడద లేదు.

రెండో కాగితం నాది. ‘సత్యాగ్రహం, సహాయ నిరాకరణ, శాసనోల్లంఘన వదిలేయాలని అన్నారు’ అని రాసి, క్రియ మార్చాను కదా, తటస్థంగానే ఉందనుకున్నాను. అసలు ప్రసంగం మళ్లీ చదివితే తప్పు తెలిసింది. సామాజిక, ఆర్థిక లక్ష్యాలు సాధించడానికి రాజ్యాంగ మార్గం ఏదీ లేనప్పుడు ఆ పద్ధతులకు చాలా సమర్థన ఉండేదని ఆయనే ఒప్పుకున్నారు. ఆ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు మాత్రం సమర్థన లేదన్నారు. నేను ఆ షరతు తీసేయడంతో, స్వాతంత్ర్యోద్యమం నాటి సత్యాగ్రహాన్నీ ఆయన తప్పుపట్టినట్టు అయింది. నా దృష్టిలో మొదటిదానికన్నా ఇదే ప్రమాదం. ‘మండిపడ్డారు’ అన్న మాట పక్షపాతం కంటికి కనబడుతుంది, షరతు పోయిన సంగతి అసలు ప్రసంగం చదవనివాళ్లకు ఎప్పటికీ తెలియదు.

మూడో కాగితంలో ఇలా ఉంది: ‘రాజ్యాంగ మార్గాలు లేని రోజుల్లో ఈ పద్ధతులకు చాలా సమర్థన ఉండేదని, ఆ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు అవి "అరాచకపు వ్యాకరణం" మాత్రమేనని, ఎంత త్వరగా వదిలితే అంత మంచిదని అంబేడ్కర్ అన్నారు.’ నా ఓటు దీనికే. ఆ ఘాటైన మాట ఆయనదే కాబట్టి కొటేషన్‌లో ఉంచాలి. దాన్ని ‘సరికాని పద్ధతులు’ అని మెత్తబరిస్తే అదీ ఒక పక్కకు ఒరగడమే.

దీని ఇబ్బందల్లా నిడివి. చోటు సరిపోకపోతే ఒక అంశాన్ని మొత్తంగా వదిలేయండి గానీ, ఉంచిన అంశంలోంచి షరతు మాత్రం తీయకండి. ఆ రాత్రే నా కాగితంలో వ్యక్తిపూజ వాక్యం కూడా దిద్దుకున్నాను. ‘నాయకుల పట్ల భక్తి వద్దన్నారు’ అన్నదాని ముందు, ‘జీవితాంతం దేశానికి సేవ చేసిన మహానుభావుల పట్ల కృతజ్ఞతలో తప్పు లేదని, కానీ దానికీ హద్దులున్నాయని’ అన్న ఆయన మాట చేర్చాను.